ఏడు రూపాయల ఇల్లు, పదకొండు రూపాయల ఇల్లు: రెండు స్క్రీన్‌షాట్ల కేసు

నేను రాజమహేంద్రవరంలో చిన్న అకౌంటింగు ఆఫీసు నడుపుతున్నాను. రిటర్నుల పని తగ్గిన నెలల్లో తెలిసినవాళ్లు ఇంటి లెక్కలు పట్టుకుని వస్తుంటారు. ఇక్కడ రాస్తున్నది అలా వచ్చిన ఒక కుటుంబం కేసు. వారి అనుమతితోనే రాస్తున్నాను గాని, గుర్తుపట్టడానికి వీలైన వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. అంకెలు ఒకదానితో ఒకటి పొసిగే తీరు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవలసినదంతా ఆ అంకెల్లోనే ఉంది.

నేపథ్యం

భర్త తాడితోట వస్త్ర మార్కెట్లో ఒక హోల్‌సేల్ దుకాణానికి లెక్కలు రాస్తారు. నెలకు 26 రోజుల పని, సాయంత్రం ఆరింటికి సెలవు. భార్య నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. నెలలో సగం రోజులు ఉదయం షిఫ్టు, సగం రోజులు రాత్రి తొమ్మిదింటికి ముగిసే షిఫ్టు. ఇంట్లో భర్తగారి తల్లి ఉంటారు. ధవళేశ్వరంలో అప్పటిదాకా ఉన్న అద్దె ఇంటిని యజమాని అమ్మకానికి పెట్టడంతో రెండు నెలల్లో ఖాళీ చేయవలసి వచ్చింది.

వాళ్లు నా దగ్గరకు వచ్చేసరికి భార్య ఫోనులో రెండు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. మొదటిది నగరంలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులోని ఫ్లాటు: డబుల్ బెడ్‌రూమ్, 1,100 చదరపు అడుగులు, అద్దె 12,000, డిపాజిట్ మూడు నెలలు. రెండోది గోదావరి అవతల కొవ్వూరులో ఇండిపెండెంట్ ఇంటి కింది పోర్షను: 150 గజాలు, అద్దె 9,500, అడ్వాన్సు లక్ష.

వాళ్ల లెక్క

భర్తగారు అప్పటికే బిల్లు పుస్తకం అట్ట మీద లెక్క కట్టుకుని వచ్చారు. గజానికి తొమ్మిది చదరపు అడుగులు గనుక 150 గజాలంటే 1,350. దానితో 9,500ను భాగిస్తే అడుగుకు ఏడు రూపాయలు. ఫ్లాటుకు 12,000ను 1,100తో భాగిస్తే పదకొండుకు తొమ్మిది పైసలు తక్కువ. "అది ఏడండి, ఇది పదకొండండి. పెట్రోలుకి నెలకో వెయ్యి పోయినా కొవ్వూరే లాభం కదండీ. ఇంక ఆలోచించేదేముందండి?" అన్నారు. ఆ సాయంత్రమే కొవ్వూరు యజమానికి టోకెను డబ్బు పంపేయాలని వారి ఉద్దేశం.

ఆయన భాగహారంలో తప్పు లేదు. నాకు అనుమానం వచ్చింది హారం మీద. ఒక ప్రకటన చదరపు అడుగుల్లోనూ ఇంకొకటి గజాల్లోనూ ఉన్నప్పుడు మనం ముందుగా తొమ్మిదితో గుణించడం గురించే ఆలోచిస్తాం గాని, ఆ రెండు అంకెలూ ఒకే వస్తువును కొలుస్తున్నాయా అని అడగం. మన వైపు ఇంటిని గజాల్లో చెప్పారంటే సాధారణంగా అది స్థలం కొలత. ఇంటి చుట్టూ వదిలిన సందులు, మెట్లు, ముందు వాకిలి అన్నీ అందులోనే ఉంటాయి. అపార్ట్‌మెంటు ప్రకటనలో కనిపించేది చాలావరకు సూపర్ బిల్టప్. అందులో గోడల మందంతో పాటు మెట్లు, లిఫ్టు, నడవాల్లో ఆ ఫ్లాటు వంతు కూడా కలిసి ఉంటుంది. అంటే ఈ కేసులో ఒక అద్దెను స్థలంతోనూ, ఇంకో అద్దెను భవనంలో వాటాతోనూ భాగించారు. రెండింటిలో ఏదీ వాళ్లు కాలు పెట్టే నేల కాదు.

స్క్రీన్‌షాటు అనే వస్తువుతోనే మరో చిక్కుంది. ఫ్లాటు ప్రకటనను అద్దె కనిపించే చోట పట్టారు గాని, దాని కింద ఉన్న మిగతా వివరాలు తెరవకుండానే పట్టారు. మళ్లీ ప్రకటన తెరిచి చూస్తే మెయింటెనెన్స్ నెలకు 1,200 అదనం అని ఆ కింద ఉంది. కొవ్వూరు ప్రకటన ఎన్నాళ్ల కిందటిదో బొమ్మలో ఎక్కడా లేదు. పైన కనిపించే 9:42 స్క్రీన్‌షాటు తీసినప్పటి ఫోను గడియారం, అంతే. కాబట్టి ముందు రెండు చోట్లకూ ఫోను చేసి, ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందని, అద్దె అదేనని రూఢి చేసుకున్నాం.

నేను చేసిన మొదటి పట్టిక, అది ఎందుకు చెడింది

ఇక్కడ నా పొరపాటు రాయాలి. విస్తీర్ణం ఎంతని యజమానులను ఫోనులో అడిగితే ప్రకటనలోని అంకెలే తిరిగి చెప్పారు. అడుగు లెక్కను పక్కన పెట్టి, నెలవారీ మొత్తం ఖర్చు పోల్చితే సరిపోతుందనుకున్నాను. అడ్వాన్సు డబ్బు చేతిలో ఉండి ఉంటే బ్యాంకులో వచ్చే వడ్డీ పోతుంది గనుక, రెండు చోట్లా ఏడాదికి ఆరున్నర శాతం చొప్పున వేశాను. ఫ్లాటుకు కట్టే 36,000 మీద నెలకు 195, కొవ్వూరు లక్ష మీద 542 వచ్చింది.

ప్రయాణానికి పెట్రోలు ఒక్కటే లెక్క వేశాను. ఆయన స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుంది. లీటరు 110 రూపాయలుగా తీసుకుంటే కిలోమీటరుకు 2.44 అవుతుంది. కొవ్వూరు ఇంటి నుంచి రోడ్డు కమ్ రైలు వంతెన మీదుగా దుకాణానికి తొమ్మిది కిలోమీటర్లు, రానుపోను 18, నెలకు 468 కిలోమీటర్లు, 1,142 రూపాయలు. ఫ్లాటు నుంచి రెండున్నర కిలోమీటర్లే. కాని అంత దగ్గరైతే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తానన్నారు, కాబట్టి రోజుకు నాలుగు ప్రయాణాలు వేసి నెలకు 260 కిలోమీటర్లు, 634 రూపాయలు అనుకున్నాం. కొవ్వూరైతే క్యారేజీ తీసుకెళతారు. దగ్గరి ఇంటికి ప్రయాణాల సంఖ్య పెరుగుతుందన్నది చాలామంది మరిచిపోయే సంగతి, అది మాత్రం మొదటిసారే పట్టుకున్నాను.

భార్య ప్రయాణానికి కొవ్వూరు వరుసలో సున్నా వేశాను. 2025 ఆగస్టు 15 నుంచి అమల్లోకి వచ్చిన స్త్రీ శక్తి పథకంలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం గనుక ఆ గడిలో రాయడానికి ఏమీ లేదనుకున్నాను. ఫ్లాటు నుంచి ఆసుపత్రికి షేర్ ఆటో రానుపోను 20 రూపాయల చొప్పున 520 వేశాను.

ఇవన్నీ కూడితే ఫ్లాటు 14,549, కొవ్వూరు 11,184. తేడా 3,365. పట్టిక చూసి భర్తగారు నవ్వారు. ఆయన అట్ట మీద లెక్కకూ నా కంప్యూటరు లెక్కకూ తేడా లేదన్నట్టుగా ఉందా నవ్వు.

నాకు మాత్రం తృప్తిగా లేదు. ఆ సున్నా మరీ నున్నగా కనిపించింది. ఒక మనిషి నెలకు 26 రోజులు గోదావరి దాటి వెళ్లి వస్తే ఖర్చు ఏమీ ఉండదని చెప్పే గడిని ఒకసారి తోవలో పెట్టి చూడకుండా నమ్మకూడదనిపించింది. టోకెను డబ్బు ఒక వారం ఆపమని అడిగాను.

తోవలో పెట్టి చూడటం

ఆ వారంలో మూడు రోజులు, కొవ్వూరులో ఉంటున్నట్టే వాళ్లను తిరగమన్నాను. ఆవిడ ఆ మూడు రాత్రులూ కొవ్వూరులోని బంధువుల ఇంట్లో ఉండి షిఫ్టులకు వెళ్లారు. ఉదయం బస్సు దొరికింది, ఛార్జీ లేదు. కాని బస్సు దిగిన చోటి నుంచి ఆసుపత్రికి షేర్ ఆటో 15 రూపాయలు. తిరుగు ప్రయాణంలోనూ అంతే. రాత్రి తొమ్మిదింటికి షిఫ్టు దిగిన రోజున ఉచితం వర్తించే బస్సు కోసం ముప్పావు గంట నిలబడి, చివరికి భర్తకు ఫోను చేశారు. ఆయన వచ్చి తీసుకెళ్లారు.

ఆరింటికి సెలవైన ఆయన నగరంలోనే తొమ్మిది దాకా ఆగి ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లవచ్చు కదా అని నేనే అడిగాను. తల్లికి ఏడున్నరకు ఇన్సులిన్ ఇచ్చేది ఆయనే. కాబట్టి ముందు ఇంటికి వెళ్లి, మళ్లీ వంతెన దాటి రావలసిందే. అలాంటి రోజులు నెలకు 13. ఒక్కోసారి 18 కిలోమీటర్ల చొప్పున 234 కిలోమీటర్లు. ప్రకటనలోగాని నా పట్టికలోగాని ఎక్కడా లేని రెండో ప్రయాణం ఇది.

స్కూటరు ఖర్చు కూడా సరిచేశాం. కిందటి ఏడాది సర్వీసు, ఆయిలు, టైరు, బ్రేకు షూల బిల్లులు కలిపితే 6,400 అయ్యాయి, తిరిగినది సుమారు 6,000 కిలోమీటర్లు. ఇన్సూరెన్సును కలపలేదు, ఎందుకంటే బండి తిరిగినా తిరగకపోయినా అది కట్టవలసిందే, ఇంటి ఎంపికతో మారేది కాదు. అలా పెట్రోలు, అరుగుదల కలిపి కిలోమీటరుకు మూడున్నర రూపాయలు తేలింది.

అడ్వాన్సు విషయంలో నేను వేసిన ప్రశ్నే తప్పు. ఎంత కట్టాలని అడిగాను గాని, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అడగలేదు. అడిగితే, వాళ్ల దగ్గర ఉన్నది 40,000 మాత్రమేనని తెలిసింది. కొవ్వూరు ఇంటికి మిగిలిన 60,000 నూటికి రూపాయిన్నర వడ్డీకి తెస్తామన్నారు. అంటే 40,000 మీద పోయే బ్యాంకు వడ్డీ నెలకు 217, అప్పు మీద కట్టే వడ్డీ 900, మొత్తం 1,117. నేను వేసిన 542కు రెట్టింపు దాటింది. ఖాళీ చేసినప్పుడు తిరిగి వచ్చే డబ్బే కదా అని అడ్వాన్సును చాలామంది ఖర్చు కింద చూడరు. అసలు తిరిగి వస్తుంది, వడ్డీ తిరిగి రాదు. అప్పు చేసి కట్టే అడ్వాన్సు పేరు మార్చుకున్న అద్దె.

టేపు పట్టుకుని

ఆ ఆదివారం రెండు ఇళ్లకూ వెళ్లాం. కొలవడానికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరాలోని కార్పెట్ ఏరియా నిర్వచనాన్ని తీసుకున్నాను: బయటి గోడలు, బాల్కనీ లేదా వరండా, డాబా కలపకూడదు, లోపలి అడ్డగోడల మందం కలపాలి. ఆ చట్టం అమ్మకాల కోసం వచ్చింది. అద్దె ప్రకటనలో కార్పెట్ ఏరియా వేయాలని ఏ యజమానినీ మనం పట్టుబట్టలేం. కాని రెండు ఇళ్లను ఒకే కొలబద్దతో చూడాలంటే ఎక్కడో ఒకచోట గీత గీయాలి, ఆ గీత అప్పటికే గీసి ఉంది.

కొవ్వూరులో గోడ నుంచి గోడకు టేపు పెడితే హాలు 10 అడుగులకు 17, ఒక పడకగది 10కి 12, రెండోది 10కి 11, వంటగది 8కి 10, స్నానాల గది, మరుగుదొడ్డి కలిపి 56 చదరపు అడుగులు, మధ్య నడవ 4కి 11. కూడితే 580. లోపలి అడ్డగోడల కింద 30 వేస్తే 610. ప్రకటనలోని 1,350లో సగం కూడా కాదు. మిగతాది చుట్టూ సందులు, మేడ మెట్లు, యజమాని తాళం వేసి ఉంచుకున్న సామాను గది, ముందు వరండా. వరండా సుమారు 90 అడుగులు. నిర్వచనం ప్రకారం అది లెక్కలోకి రాదు గాని, దాన్ని పక్కన విడిగా రాసుకున్నాను. వేసవి సాయంత్రాల్లో మన వైపు పెద్దవాళ్లు కూర్చునేది అక్కడే గనుక దానికి విలువ లేదనడం అన్యాయం.

ఫ్లాటు 745 వచ్చింది. ప్రకటనలోని 1,100లో మూడింట రెండు వంతులకు కాస్త పైన.

ఇప్పుడు అద్దెకు మెయింటెనెన్స్ కలిపి భాగించాం. ఫ్లాటుకు 13,200ను 745తో భాగిస్తే అడుగుకు 17.72. కొవ్వూరుకు 9,500ను 610తో భాగిస్తే 15.57. కొవ్వూరే ఇంకా చవక, ఆ మాట మారలేదు. మారినది తేడా. స్క్రీన్‌షాట్ల ప్రకారం కొవ్వూరు ముప్పై అయిదు శాతం చవక, టేపు ప్రకారం పన్నెండు శాతం.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. చదరపు అడుగు ధర అద్దె న్యాయంగా ఉందో లేదో చూడటానికి పనికొస్తుంది గాని, ఏ ఇంట్లో దిగాలో తేల్చడానికి ఒంటరిగా పనికిరాదు. అద్దెదారు అడుగులకు డబ్బు కట్టడు, నెలకు కడతాడు. ఇద్దరు దంపతులు, ఒక పెద్దావిడ ఉండటానికి 610 అడుగులు చాలితే, ఫ్లాటులోని అదనపు 135 అడుగులు వాళ్లకు ఎంత అవసరమో వాళ్లే చెప్పాలి. అడిగితే ఆవిడ, "రెండిట్లోనూ అత్తయ్యగారికి విడిగా గది ఉందండి, అది చాలు" అన్నారు. దాంతో అడుగు లెక్కను మూసేశాను.

రెండో పట్టిక

ఫ్లాటు వరుస ఇలా వచ్చింది: అద్దె 12,000, మెయింటెనెన్స్ 1,200, డిపాజిట్ మీద 195, స్కూటరు 910, ఆవిడ ఆటో 520. మొత్తం 14,825. కొవ్వూరు వరుసలో అద్దె 9,500, అడ్వాన్సు మీద 1,117, ఆయన స్కూటరు 1,638, రాత్రి షిఫ్టుల కోసం రెండో ప్రయాణం 819. ఆవిడ ఆటో 26 రోజులు వెళ్లడానికి, 13 రోజులు తిరిగి రావడానికి 15 చొప్పున 585. మొత్తం 13,659. మొదటి పట్టికలో 3,365గా ఉన్న తేడా 1,166కు దిగింది.

వంతెన సంగతి పట్టికలో వేయకుండా కింద రాశాను. 1974లో ప్రారంభమైన ఆ వంతెనను 2023లో మరమ్మతుల కోసం వారాల తరబడి మూసిన రోజులు నగరంలో అందరికీ గుర్తున్నాయి. అలా మూసినప్పుడు కొంతమూరు వైపు దిగే గామన్ వంతెన మీదుగా వెళ్లాలి. ఆయన బండి మీద వెళ్లి చూస్తే ఒక వైపుకే 17 కిలోమీటర్లు వచ్చింది. ఆ లెక్కన మూసిన నెలలో దుకాణానికి వెళ్లిరావడానికే 1,456 రూపాయలు అదనం, అంటే కొవ్వూరు లాభం ఆ నెలకు మొత్తం హరించుకుపోతుంది. ఎప్పుడు మూస్తారో చెప్పలేని దాన్ని నెలసరి ఖర్చులో కలిపితే లేని కచ్చితత్వం తెచ్చిపెట్టినట్టవుతుంది, అందుకే కూడలేదు.

పని చేసినది

ఈ పట్టిక వల్ల నిజంగా జరిగిన మేలు బేరంలో కనిపించింది. ఏ అంకె ఎంత కదిలితే ఏమవుతుందో చేతిలో ఉంది. కొవ్వూరు యజమానిని అడ్వాన్సు తగ్గించమని అడిగితే, 50,000 తగ్గిస్తాను గాని అద్దె 500 పెంచుతానన్నారు. భర్తగారు వెంటనే వద్దనబోయారు. నేను ఆపాను. ఆ 50,000 అప్పు తప్పితే నెలకు 750 వడ్డీ తప్పుతుంది, అద్దె పెరిగేది 500. నెలకు 250 మిగులు. అదే డబ్బు సొంతానిదై బ్యాంకులో ఉండి ఉంటే దాని మీద వచ్చే వడ్డీ 271 మాత్రమే, అప్పుడు ఈ బేరం నష్టం. ఒకే ప్రతిపాదన ఒక ఇంటికి లాభం, పక్కింటికి నష్టం కావచ్చు. కొవ్వూరు మొత్తం 13,409కి వచ్చింది.

ఫ్లాటు యజమానిని రెండేళ్లు ఉంటామన్న మాట మీద వెయ్యి తగ్గించమని అడిగారు, ఒప్పుకున్నారు. డిపాజిట్ పాత అంకె 36,000 మీదే ఉంచారు. మొత్తం 13,825. ఇప్పుడు తేడా 416.

అప్పుడు మొదటిసారి సమయం గురించి మాట్లాడాను. ముందే మాట్లాడి ఉంటే, గంటకు ఇంత జీతం గనుక గంట విలువ ఇంత అని ఏదో ఒక అంకె వేసేవాళ్లం. నెల జీతగాడికి తోవలో మిగిలిన గంటకు ఎవరూ డబ్బివ్వరు, కాబట్టి ఆ అంకె ఊహే. దానికి బదులు తిరగేసి అడిగాను. కొవ్వూరైతే ఆవిడకు రోజూ గంట అదనం, ఆయనకు ఇరవై నిమిషాలు, రాత్రి షిఫ్టు రోజుల్లో ఆయనకే మరో యాభై నిమిషాలు. నెలకు సుమారు 46 గంటలు. ఆ గంటలు 416 రూపాయలకు, అంటే గంట తొమ్మిది రూపాయల చొప్పున ఎవరైనా అమ్ముతామంటే కొంటారా అని అడిగాను. భర్తగారు భార్య వైపు చూశారు. ఆవిడ ఫోను తీసి కొవ్వూరు స్క్రీన్‌షాటును తుడిచేశారు.

తరువాత

ఫ్లాటులో దిగిన నాలుగు నెలలకు ఆయన మళ్లీ కలిశారు. స్కూటరు నెలకు 240 కిలోమీటర్లే తిరుగుతోంది, మధ్యాహ్నం ఎండ ఎక్కువైన రోజుల్లో క్యారేజీ తీసుకెళుతున్నారట. ఆటో ఖర్చు లెక్క ప్రకారమే ఉంది. నేను చూడని చోట ఒకటి తప్పింది: అపార్ట్‌మెంటు అసోసియేషను మెయింటెనెన్సును 1,200 నుంచి 1,400 చేసింది. చివరిసారి ఎప్పుడు పెంచారని మేము అడగలేదు. అడిగి ఉంటే మూడేళ్లుగా పెంచలేదన్న జవాబు వచ్చేది, రాబోయే పెంపును అప్పుడే ఊహించి ఉండేవాళ్లం. ఇళ్ల పోలిక కోసం నేను వాడే కాగితంలో మెయింటెనెన్స్ గడి పక్కన ఇప్పుడు మరో గడి ఉంది: "ఈ రేటు ఎప్పటి నుంచి?"